యాభై ఏళ్ళ పెళ్ళికి మంత్రం లేదు

మా అవ్వాతాతల పెళ్ళి శుభలేఖ ఇప్పటికీ అవ్వ ట్రంకుపెట్టెలో, పెళ్ళినాటి పట్టుచీర మడతలో ఉంది. లేత పసుపు అట్ట. నాలుగు మూలలా పూసిన పసుపు ఇటుకరంగుకు తిరిగింది. మడిచిన చోట కాగితం చిరిగితే ఎవరో వెనక నుంచి అన్నం మెతుకుతో ఇంకో కాగితం అంటించారు. "శ్రీ రాక్షస నామ సంవత్సర వైశాఖ శుద్ధ త్రయోదశీ శుక్రవారం అనగా తేది 23-5-1975 ఉదయం 8-10 గంటలకు మిథున లగ్నమందు" అని అందులో ఉంది. మా తిరుపతి ఇంట్లో ఐదుగురు మనవళ్ళం, మనవరాళ్ళం కలిసి అవ్వాతాతలకు యాభై ఏళ్ళ పెళ్ళిరోజు శుభాకాంక్షలు రాయడానికి కూర్చున్నప్పుడు మొదట చేతికి తీసుకున్నది దీన్నే.

సరైన మాటలు దొరకడానికి మాకు మూడు వారాలు పట్టింది. మొదట రాసిందంతా పారేశాం. ఎందుకు పారేశామో చెప్పడానికే ఈ వ్యాసం. ఇలాంటి శుభాకాంక్షలు ఈ మధ్య చాలా ఇళ్ళలో చదువుతున్నారు. దాదాపు అన్నీ ఒకే కాగితంలా ఉంటున్నాయి. అలా ఉండకూడదని నా వాదన.

ఒక సంగతి ఆలోచించండి. తాతకు అరవై నిండినప్పుడు షష్టిపూర్తి చేశాం. 1951లో ఆయన పుట్టింది ఖర నామ సంవత్సరం. అరవై ఏళ్ళ చక్రం ఒక చుట్టు తిరిగి 2011లో మళ్ళీ ఖర వచ్చింది. పురోహితుడు వచ్చాడు, కలశాలు పెట్టాడు, హోమం చేశాడు, తాత అవ్వకు మళ్ళీ తాళి కట్టాడు. డెబ్బైకి భీమరథ శాంతి, వెయ్యి పున్నములు చూసినవాళ్ళకు సహస్ర చంద్ర దర్శనం, వీటన్నిటికీ పద్ధతి ఉంది, మంత్రం ఉంది. అయితే ఇవన్నీ వయసు లెక్కలు. పెళ్ళయి యాభై ఏళ్ళయితే ఏం చేయాలో మా పురోహితుణ్ణి అడిగితే, "దానికంటూ ప్రయోగం లేదు నాయనా, సత్యనారాయణ వ్రతం చేసుకోండి, పెద్దోళ్ళకు మొక్కుకోండి" అన్నాడు. నిజమే, స్వర్ణోత్సవం మనకు కొత్తగా వచ్చిన వేడుక. మంత్రం లేని చోట మనం చెప్పే మాటే మంత్రం. ఆ మాట అద్దెకు తెచ్చుకున్నదైతే ఆ రోజు మిగిలేది కేకూ, ఫోటోలే.

మేము మొదట తెచ్చుకున్నది అద్దె మాటే. మా మామ కొడుకు బెంగళూరు నుంచి రాసి పంపాడు. "ఆదర్శ దంపతులు", "పాలూ నీళ్ళలా కలిసిన జంట", "మీ అన్యోన్యత మా తరానికి దిక్సూచి". తప్పు మాట ఒక్కటి లేదు. మా చిన్నమ్మ చదివి కాగితం వెనక్కిచ్చేసింది. "బాగుందిరా అబ్బీ. పక్కింటోళ్ళకు చదివినా సరిపోతాది" అంది. నాకు అప్పుడే పరీక్ష దొరికింది. ఒక వాక్యం పక్కింటి ముసలి జంటకు చదివినా సరిపోయిందంటే దాన్ని కొట్టేయాలి. ఆ పరీక్షకు మా మొదటి కాగితంలో తేదీ ఒక్కటే నిలిచింది.

ఆ తేదీలోనూ పేచీ వచ్చింది. అవ్వకు పెళ్ళిరోజంటే తిథి, తాతకు క్యాలెండరు. 2025లో వైశాఖ శుద్ధ త్రయోదశి మే 10నే వచ్చేసింది, అదీ తాతయ్యగుంట గంగమ్మ జాతర నడుమ. జాతరప్పుడు మా ఇంట్లో వేరే కార్యం పెట్టుకోరు. మే 23 శుక్రవారం, పెళ్ళినాటి వారమే తిరిగి వచ్చిందని తాత సంబరం. కానీ ఆ రోజు ఏకాదశి, అవ్వకు ఉపవాసం. చివరికి తిథినాడు ఇంట్లో దీపం పెట్టి దండం పెట్టుకోవడం, 23న చుట్టాలకు భోజనాలు, అవ్వకు మామిడిపళ్ళు అని తీర్పయింది. మా జిల్లాలో మే నెలలో ఏకాదశి ఉపవాసం ఎవరికీ కష్టం కాదు.

ఇక మాటల సంగతి.

విషయం కోసం అమ్మకూ చిన్నమ్మకూ మామకూ విడివిడిగా ఫోన్లు చేశాం. "అవ్వాతాతల గురించి చెప్పు" అంటే అందరూ ఒకటే చెప్పారు. మంచోళ్ళు, మా కోసం కష్టపడ్డారు. కళ్ళల్లో నీళ్ళు, కాగితం మీద ఏమీ లేదు. మా చెల్లెలు ప్రశ్న మార్చింది. "వాళ్ళిద్దరూ దేని మీద ఎక్కువగా వాదులాడుకునేవాళ్ళు?" అని అడిగింది. ముగ్గురూ గుక్క తిప్పుకోకుండా, ఒకరితో ఒకరు చెప్పుకోకుండా, ఒకే జవాబు ఇచ్చారు. పాల లెక్క.

తాత ఆర్టీసీలో కండక్టరు. ముప్పై ఏళ్ళకు పైగా టిక్కెట్లు కొట్టిన చెయ్యి. ఇంటి లెక్కంతా చిన్న డైరీలో రాస్తాడు, ఇప్పటికీ. పాలు రోజుకు లీటరు. అవ్వ లెక్క వంటింటి తలుపు వెనక ఉండేది, సుద్దముక్కతో. అర లీటరుకు ఒక గీత. నాలుగు నిలువు గీతలు గీసి, ఐదోది వాటి మీద అడ్డంగా కొట్టేది. నెలాఖరుకు పాలాయన వస్తే ఇద్దరూ చెరొక లెక్క చెప్పేవాళ్ళు. డైరీలో అరవై అర లీటర్లుంటే తలుపు మీద యాభై రెండో, యాభై మూడో గీతలుండేవి. అరగంట వాదన. తాత డైరీ ప్రకారం డబ్బు లెక్కపెట్టి అవ్వ చేతిలో పెట్టి, "నీ తలుపుకు నువ్వే చెప్పుకో" అని డ్యూటీకి పొయ్యేవాడు.

మేం మొదట దీన్ని హాస్యంగానే రాసుకున్నాం. అమ్మను ఇంకో మాట అడగకపోయి ఉంటే అంతటితో ఆగేది. "ఇంతకీ ఎవరి లెక్క సరైంది?" అని అడిగితే అమ్మ కాసేపు పలకలేదు. తరువాత చెప్పింది. తాతకు వారంలో రెండు రాత్రులు నైటవుట్ డ్యూటీ ఉండేది. బస్సు ఎక్కడో పల్లెలో ఆగిపోతుంది, డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుంటారు. ఆ రోజుల్లో అవ్వ అర లీటరు పాలే పోయించుకునేది, పిల్లలకు సరిపడా. తాను కాఫీ తాగేది కాదు. నెలకు ఎనిమిది నైటవుట్లు, ఎనిమిది గీతలు తక్కువ. ఆ ఎనిమిదింటి డబ్బు పోపులడబ్బాలో జీలకర్ర గిన్నె కింద చేరేది. అమ్మ పదో తరగతి పరీక్ష ఫీజు అక్కడి నుంచి వచ్చిందే. అవ్వ ఆ రోజు ఫీజు చేతికిచ్చి, "మీ నాయనకు చెప్పబాకమ్మీ, పాలు తగ్గించినానని బాధపడతాడు" అందట.

ఇది దొరికాక పాల లెక్కను వేళాకోళంగా రాయలేకపోయాం, వదిలేయలేకా పోయాం. నవ్వు తెప్పించే సంగతి అడుగున బరువున్న సంగతి ఉంటే రెండూ ఒకే చోట ఉంచాలని నా నమ్మకం. నవ్వు ఒక పేరాలో, ప్రేమ ఇంకో పేరాలో విడదీసి పెడితే మొదటిది జోకవుతుంది, రెండోది ఉపన్యాసమవుతుంది.

కానీ ఇంట్లో మాట మైకులో చెప్పడానికి హక్కు కావాలి. ఒకరి దగ్గర దాచిన సంగతిని, దాచినవాళ్ళ అనుమతి లేకుండా పదిమందిలో పెట్టకూడదు. అవ్వను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాం. చింతపండు గింజలు తీస్తూ, "చెప్పండి, ఇంగ ఆ డబ్బు అడిగేదెవురు" అని నవ్వింది. నవ్వకపోయి ఉంటే ఆ పేరా ఎత్తేసేవాళ్ళం. జోకుల విషయంలోనూ ఇదే కొలత పెట్టుకున్నాం. తాతను ఆయన పుట్టిన ఏడు పేరుతో ఆటపట్టించొచ్చు, ఎందుకంటే ఖర అంటే గాడిద అని మాకు చెప్పి నవ్వించిందే ఆయన. వినికిడి మీద జోకు వేయకూడదు. ఆ మిషను పెట్టుకోవడానికి ఆయన ఎంత నొచ్చుకున్నాడో చూశాం. కుబేరుడి అప్పు మీద జోకు కూడా ఒకటి రాసుకున్నాం, తీసేశాం. తిరుపతిలో ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు అది చెబుతారు.

ఇంకా రెండు తప్పులు చేసి దిద్దుకున్నాం. ఇవి మీరూ చేయొచ్చు కాబట్టి చెబుతున్నాను.

మొదటిది, దీవెన. "మీరు నిండు నూరేళ్ళు పిల్లాపాపలతో వర్ధిల్లాలని దీవిస్తున్నాం" అని ఒక చోట ఉండేది. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను దీవించరు. మొక్కుకుంటారు, దీవెన అడుగుతారు. "కోరుకుంటున్నాం" అనొచ్చు, "దేవుణ్ణి వేడుకుంటున్నాం" అనొచ్చు. కార్డుల్లో చూసి చూసి ఈ తేడా మాకే కనబడలేదు. "ఇంకో యాభై ఏళ్ళు" కూడా కొట్టేశాం. తాతకు డెబ్బై నాలుగు, అవ్వకు అరవై తొమ్మిది. ఆ మాట విన్నవాళ్ళు మనసులో లెక్క వేసుకుంటారు. ఆ లెక్క ఆ రోజు ఎవరికీ అక్కర్లేదు.

రెండోది మరీ సున్నితం. "ఇద్దరూ కలిసి యాభై ఏళ్ళు చూడటం ఎంత అదృష్టమో, ఎంత పుణ్యం చేసుకుంటే దక్కుతుందో" అని నేనే రాశాను. మా చిన్నవ్వ, అంటే అవ్వ చెల్లెలు, ముందు వరుసలో కూర్చుంటుందని అప్పుడు తట్టలేదు. చిన్నతాత పోయి పన్నెండేళ్ళయింది. ఆమె పుణ్యం చేసుకోలేదా? యాభై ఏళ్ళ పెళ్ళిరోజుకు వచ్చే ఆ తరంవాళ్ళలో ఒంటరిగా వచ్చేవాళ్ళు తప్పకుండా ఉంటారు. అదృష్టం, పుణ్యం, దీర్ఘ సుమంగళి అన్న మాటలు వాళ్ళ చెవిలో ఎలా పడతాయో చూసుకోవాలి. ఆ వాక్యం తీసేసి చిన్నవ్వకు వేరే చోటు ఇచ్చాం. పెళ్ళిలో తోడిపెళ్ళికూతురు ఆమే.

నువ్వు, మీరు సంగతి కూడా ఉంది. మా ఇంట్లో అవ్వను నువ్వు అంటాం, తాతను మీరు అంటాం. కాగితం మీద మర్యాద కోసం ఇద్దరినీ మీరు చేశాం. ఇంట్లో ఒకసారి చదివి చూస్తే, "అవ్వా, మీరు" అనగానే ఆమె పక్కకు తిరిగి చూసింది, ఇంకెవరినో పిలిచారేమో అని. వెంటనే నువ్వుకు మార్చాం. ఇద్దరినీ కలిపి అన్నప్పుడు ఎటూ మీరే వస్తుంది.

నిడివి చెప్పి ముగిస్తాను. మొదట రెండున్నర పేజీలు, గడియారం పెట్టి చదివితే ఏడు నిమిషాలు. పిల్లల అల్లరి, ఫ్యాను చప్పుడు, పక్కన వడ్డన గిన్నెల మోత ఉన్న చిన్న హాల్లో ఏడు నిమిషాలు ఎవరూ వినరు. మూడు నిమిషాలకు తెచ్చాం. దండలు మార్చుకున్నాక, భోజనాలకు లేవకముందు చదివాం. భోజనాలయ్యాక అని పెట్టుకుంటే సగం మంది బస్సు వేళ చూసుకుంటూ ఉంటారు. అందరం తలా ఒక వాక్యం చదవాలనుకున్న ఆలోచన కూడా మానుకున్నాం. మైకు చేతులు మారేసరికి మాట తెగిపోతుంది. మా చెల్లెలొక్కతే చదివింది, మిగతా నలుగురం వెనక నిలబడ్డాం. అదే కాగితం పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి తాత చేతికిచ్చాం, వినబడని చోట చదువుకుంటాడని. డీటీపీ షాపులో మొదటి ప్రతి వత్తులన్నీ ఊడిపోయి వచ్చింది. ఫోన్లో టైపు చేసినది వాళ్ళ పాత ఫాంటులోకి మార్చకుండా అతికిస్తే అలాగే అవుతుంది. అచ్చు వేయించేముందు ఒక ప్రతి తీసుకుని "స్వర్ణోత్సవం" అన్న మాట ఒక్కటి చూడండి. అది సరిగ్గా ఉంటే చాలా వరకు మిగతావీ సరిగ్గా ఉన్నట్టే.

చివరికి చదివింది ఇది.

"అవ్వకూ తాతకూ మీ మనవళ్ళు, మనవరాళ్ళు ఐదుగురం మొక్కుకుని చెప్పుకునే మాటలు.

తాతా, మీరు పుట్టింది ఖర నామ సంవత్సరంలో. పెళ్ళి చేసుకుంది రాక్షస నామ సంవత్సరంలో. ఈ రెండూ మీరే చెప్పి మమ్మల్ని నవ్వించారు. మూడోది మేము చెబుతాం. ఇప్పుడు నడిచేది విశ్వావసు. విశ్వావసువు గంధర్వుడు, పెళ్ళి మంత్రాల్లో ఆయన పేరుంది. రాక్షసంలో మొదలైన మీ పెళ్ళి యాభై ఏళ్ళకు గాంధర్వానికి వచ్చింది. బస్సు కొంచెం ఆలస్యమైనా చేరాల్సిన ఊరికే చేరింది.

ఎక్కడికి బయల్దేరినా గంట ముందు బస్టాండులో ఉండాలంటారు మీరు. ఆఖరి నిమిషంలో ఊరిబిండి రోట్లో వేస్తుంది అవ్వ. మీరు గేటు దగ్గర నిలబడి 'రైట్, రైట్' అని అరవని ప్రయాణం మాకు ఒక్కటీ గుర్తు లేదు. ఆ ఊరిబిండి దారిలో అందరికంటే ముందు తిన్నది మీరే అని కూడా గుర్తుంది.

చిన్నవ్వా, ఆ రోజు అక్క కొంగు పట్టుకుని ఏడ్చింది నువ్వేనట. పెళ్ళికూతురు ఏడవలేదట. అవ్వ ఎందుకు ఏడవలేదో నిన్నే అడగమంటోంది.

అవ్వా, వంటింటి తలుపు వెనక నీ పాల గీతలకూ తాత డైరీకీ ఏ నెలా కుదరలేదు. మా అమ్మావాళ్ళు ఆ వాదన వింటూ పెరిగారు. తాతా, ఇన్నేళ్ళకు మీకొక లెక్క ఒప్పజెప్పాలి. అవ్వ గీతలే సరైనవి. మీకు నైటవుట్ ఉన్న రోజుల్లో ఇంట్లోకి అర లీటరే వచ్చేది. మిగిలిన డబ్బు పోపులడబ్బాలో దాగి, మా అమ్మ పరీక్ష ఫీజయింది. ఆ పరీక్ష రాసిన అమ్మ టీచరయింది. అమ్మ మమ్మల్ని చదివించింది. ఈ కాగితం చదవగలుగుతున్నామంటే ఆ రోజుల్లో అవ్వ తాగని కాఫీల వల్లే.

మా ఐదుగురినీ దీవించండి. సాయంత్రం ఇంటికి పోయాక తలుపు వెనక ఒక గీత గీయండి, ఇద్దరూ కలిసి."

చెల్లెలు "అవ్వ గీతలే సరైనవి" అనగానే హాలంతా నవ్వింది. ఫీజు మాట దగ్గర నిశ్శబ్దమైంది. తాత చేతిలో కాగితం ఉంది, వేలు ఆ వరుస మీదే ఉంది. మైకు కావాలన్నట్టు చెయ్యి చాపి, మళ్ళీ వద్దని దించేసి, మామూలు గొంతుతోనే అన్నాడు. "నైటవుట్ నాడు పాలు తగ్గిస్తాదని నాకు తెలీదా? ముప్పై ఏండ్లు చిల్లర లెక్కపెట్టినోణ్ణి. అందుకే గదా డైరీలో నిండుగా రాసేది. తక్కువ రాస్తే డబ్బు తక్కువ ఇయ్యాల్సొస్తాది."

అవ్వ ఆయన వైపు తిరగలేదు. ఒళ్ళో ఉన్న దండలోంచి రాలిన చామంతి రెక్కలు ఏరుతూ, "తెలుసని నాకూ తెలుసు. అయినా నెలకు ఎనిమిది కాదు, ఏడే" అంది.

"ఎనిమిది" అన్నాడు తాత.

మామ మైకు తీసుకుని అందరినీ భోజనాలకు లేవమన్నాడు. వాళ్ళిద్దరూ లేవలేదు.